లాభం 36 లక్షలు, బ్యాంకులో 6 లక్షలు

గుంటూరు పక్కన మిర్చి కొని, కారం పొడి చేసి, ప్యాకెట్లలో అమ్మే చిన్న కంపెనీ ఒకటి ఉందనుకుందాం. 2025 మార్చి 31తో ముగిసిన ఏడాదికి దాని లాభనష్టాల ఖాతా చివరి వరుసలో పన్ను పోగా 36 లక్షల లాభం కనిపిస్తోంది. అదే కంపెనీ బ్యాలెన్స్ షీట్ తిరగేస్తే, ఏడాది మొదట్లో 18 లక్షలున్న నగదు (బ్యాంకులోదీ పెట్టెలోదీ కలిపి) చివరికి 6 లక్షలకు దిగింది. లాభం వచ్చిన ఏడాదిలోనే 12 లక్షలు తగ్గాయి. వాటాదారుల్లో ఎవరికైనా ముందు వచ్చే అనుమానం, మధ్యలో ఎవరో తిన్నారని.

ఎవరూ తినలేదు. ఆ సంగతి తేల్చడానికి ఏడాది పొడవునా రాసిన క్యాష్ బుక్ పేజీలన్నీ తిప్పాల్సిన పని కూడా లేదు. నిరుటి బ్యాలెన్స్ షీట్, ఈ ఏటి బ్యాలెన్స్ షీట్, మధ్యలో ఉన్న ఒక్క లాభనష్టాల ఖాతా చేతిలో ఉంటే డబ్బు ఏ దారిన వచ్చిందో, ఏ దారిన పోయిందో కాగితం మీద పెట్టవచ్చు. అలా పెట్టిన కాగితాన్నే నగదు ప్రవాహ నివేదిక, వాడుకలో క్యాష్ ఫ్లో స్టేట్‌మెంట్ అంటాం. కంపెనీ ఊహించినదే అయినా పద్ధతి అసలుదే. అంకెలన్నీ లక్షల రూపాయల్లో.

| | 31-3-2024 | 31-3-2025 |
|---|---|---|
| నగదు, బ్యాంకు నిల్వ | 18 | 6 |
| రావలసిన బాకీలు | 40 | 64 |
| సరుకు నిల్వ | 30 | 45 |
| యంత్రాలు (తరుగుదల పోగా) | 100 | 132 |
| మొత్తం ఆస్తులు | 188 | 247 |
| సరఫరాదారులకు ఇవ్వాల్సినవి | 22 | 31 |
| చెల్లించాల్సిన పన్ను | 4 | 6 |
| టర్మ్ లోన్ | 50 | 70 |
| వాటా మూలధనం | 80 | 80 |
| మిగులు నిధులు | 32 | 60 |
| మొత్తం అప్పులు, మూలధనం | 188 | 247 |

లాభనష్టాల ఖాతా ఇంకా చిన్నది. అమ్మకాలు 400. అమ్మిన సరుకు ఖరీదు 280, జీతాలూ ఇతర ఖర్చులూ 52, తరుగుదల 14, వడ్డీ 7. పాత గ్రైండర్ ఒకటి అమ్మితే లాభం 3. అన్నీ కలిపి తీసివేస్తే పన్నుకు ముందు లాభం 50, పన్ను 14, మిగిలింది 36.

ఇక పద్ధతికి మూలమైన సంగతి ఒక్కటే ఉంది. బ్యాలెన్స్ షీట్‌లో ఆస్తులు ఒకవైపు, అప్పులూ మూలధనమూ మరోవైపు, రెండూ ఎప్పుడూ సమానం. నగదు కూడా ఒక ఆస్తే. ఆ ఒక్క వరుసను విడిగా పెట్టి మిగతా ఆస్తులను అవతలి పక్కకు పంపితే, నగదు అంటే అప్పులూ మూలధనమూ కలిపి అందులోంచి మిగతా ఆస్తులు తీసేయగా మిగిలినది అవుతుంది. ఏ తేదీన చూసినా ఇది నిజం. కాబట్టి రెండు తేదీల మధ్య వచ్చిన మార్పుకూ ఇదే లెక్క వర్తిస్తుంది. నగదు కాని ఆస్తి ఏది పెరిగినా అంత నగదు అందులోకి వెళ్లినట్టు రాసుకోవాలి. అప్పు గానీ మూలధనం గానీ పెరిగితే అంత నగదు వచ్చినట్టు రాసుకోవాలి.

పెట్టి చూడండి. బాకీలు 24 పెరిగాయి, సరుకు 15, యంత్రాలు 32. మొత్తం 71 బయటికి. ఇవ్వాల్సినవి 9 పెరిగాయి, పన్ను బాకీ 2, లోన్ 20, మిగులు నిధులు 28. మొత్తం 59 లోపలికి. తేడా 12. మనం వెతుకుతున్న 12 లక్షలు ఇవే.

చాలామంది క్లాసు పుస్తకాల్లో ఈ మెట్టు ఎక్కకుండానే నేరుగా నమూనా పట్టికలోకి దూకుతారు. ‘తరుగుదల కలుపు, లాభం తీసేయ్’ అన్న సూత్రాలు బట్టీ పడతారు. ఎందుకు కలపాలో, ఎందుకు తీసేయాలో అడిగితే చెప్పలేరు. నా అభిప్రాయం అడిగితే ముందు ఈ కూడికా తీసివేతా చేయాలి. ఇక్కడే 12 తేలిపోతే ఆ తర్వాత చేసే పనంతా ఆ అంకెను విడగొట్టి సరైన చోట సర్దడమేనని అర్థమవుతుంది. ఇక్కడే తేలకపోతే బ్యాలెన్స్ షీట్ అంకెలే తప్పు ఎక్కించుకున్నారన్న మాట. ముందుకు వెళ్లి ప్రయోజనం లేదు.

విడగొట్టడం ఎందుకంటే కొన్ని వరుసల్లో రెండు మూడు కదలికలు ఒకదాని మీద ఒకటి పడి ఉంటాయి. మన బ్యాలెన్స్ షీట్‌లో అలాంటివి ముఖ్యంగా మూడు. మిగులు నిధులు, పన్ను, యంత్రాలు. వీటిని విప్పడానికే లాభనష్టాల ఖాతా కావాలి.

మిగులు నిధులు 32 నుంచి 60కి వచ్చాయి. పెరుగుదల 28. కానీ ఏడాది లాభం 36. పూర్తి లాభం అందులో చేరి ఉంటే 68 ఉండాలి. మరి 8 ఏమైంది? వాటాదారులకు డివిడెండ్‌గా వెళ్లింది. డివిడెండ్ ఖర్చు కాదు, లాభాన్ని పంచుకోవడం. అందుకే లాభనష్టాల ఖాతా ఖర్చుల్లో అది ఎక్కడా కనిపించదు. రెండు బ్యాలెన్స్ షీట్లనూ పక్కపక్కన పెట్టినప్పుడే బయటపడుతుంది. ఇక్కడ ఒక్క జాగ్రత్త కావాలి. బోనస్ షేర్లు ఇచ్చినా మిగులు నిధులు తగ్గుతాయి, అయితే అందులో పైసా చేతులు మారదు. అలా జరిగితే వాటా మూలధనం అంత మేరకు పెరగాలి. మన కంపెనీలో అది 80 దగ్గరే కదలకుండా ఉంది. ప్రకటించి ఇంకా చెల్లించని డివిడెండ్ అని అప్పుల వైపు వరుసా లేదు. కాబట్టి 8 లక్షలూ నగదుగానే వెళ్లాయి.

పన్ను తేలిక. మొదట్లో 4 బాకీ ఉంది, ఈ ఏటి పన్ను 14 కలిసింది, చివరికి 6 మిగిలింది. కట్టింది 12. ఖాతాలో చూపిన 14కీ కట్టిన 12కీ మధ్య ఉన్న 2 ఇంకా కంపెనీ దగ్గరే ఉంది. వడ్డీకి ఈ తిప్పలు లేవు. చెల్లించాల్సిన వడ్డీ అన్న వరుస రెండు బ్యాలెన్స్ షీట్లలోనూ లేదు గనక ఖాతాలో రాసిన 7 అంతా కట్టేసినట్టే.

యంత్రాల దగ్గర కాసేపు ఆగాలి. 100 నుంచి 132కి పెరిగాయి. అంటే 32 పెట్టి కొన్నారా? కాదు. ఏడాదిలో 14 తరుగుదల కింద తగ్గింది. పాత గ్రైండర్ వెళ్లిపోవడంతో దాని పుస్తక విలువ కూడా తగ్గింది. ఆ విలువ ఎంత? మన దగ్గరున్న మూడు కాగితాల్లోనూ ఆ అంకె లేదు. అమ్మితే 3 లాభం వచ్చిందని తెలుసు గానీ, 5 విలువున్నది 8కి అమ్మారో, 10 విలువున్నది 13కి అమ్మారో తెలియదు. స్థిరాస్తుల వివరాల నోట్ చూడాలి, లేదా అకౌంటెంట్‌ను అడగాలి. చూశామనుకుందాం. పుస్తక విలువ 5, అమ్మిన ధర 8. ఇప్పుడు వంద లోంచి 14, 5 తీసేస్తే 81 మిగలాలి. ఉన్నది 132. కొత్తగా కొన్నది 51.

ఈ ఒక్క చోట మూడు కాగితాల శక్తి ఎంతవరకో స్పష్టంగా కనిపిస్తుంది. గ్రైండర్ ఎంతకు అమ్మారో తెలియకపోయినా, యంత్రాల మీద నికరంగా పోయిన నగదు మాత్రం తెలుస్తుంది. పెరుగుదల 32కి తరుగుదల 14 కలిపి, లాభం 3 తీసేస్తే 43. కొన్నది 51, అమ్మింది 8, తేడా అదే 43. పుస్తక విలువ 10 అయితే కొనుగోలు 56, అమ్మకం 13 అయ్యేవి, తేడా మళ్లీ 43. టర్మ్ లోన్ సంగతీ ఇంతే. 50 నుంచి 70కి వెళ్లింది గనక నికరంగా 20 వచ్చింది. కొత్తగా 32 తీసుకుని 12 తీర్చారో, 20 తీసుకుని ఏమీ తీర్చలేదో ఈ కాగితాలు చెప్పవు. నికరం మూడు కాగితాల్లో దొరుకుతుంది, విడివిడి అంకెలకు నోట్లు కావాలి. అకౌంటింగ్ ప్రమాణాలు మాత్రం యంత్రాల కొనుగోలునూ అమ్మకాన్నీ, అప్పు తేవడాన్నీ తీర్చడాన్నీ మామూలుగా విడివిడిగానే చూపమంటాయి. అందుకని నోట్ల కోసం వెతకడం తప్పదు. మన కంపెనీ లోన్ నోట్‌లో 32 తీసుకుని 12 తీర్చినట్టు ఉందనుకుందాం.

ఇప్పుడు సర్దడమే. నగదు ప్రవాహ నివేదికలో మూడు గదులుంటాయి. రోజువారీ వ్యాపారం ఒకటి, పెట్టుబడులు రెండోది, నిధులు తెచ్చుకోవడం తీర్చడం మూడోది. వ్యాపారం గదిని పన్నుకు ముందు లాభంతో మొదలుపెడతారు. దీన్ని పరోక్ష పద్ధతి అంటారు.

| | లక్షలు |
|---|---|
| పన్నుకు ముందు లాభం | 50 |
| తరుగుదల కలుపు | +14 |
| వడ్డీ కలుపు | +7 |
| గ్రైండర్ అమ్మకం లాభం తీసివేత | −3 |
| బాకీల పెరుగుదల | −24 |
| సరుకు నిల్వ పెరుగుదల | −15 |
| ఇవ్వాల్సినవాటి పెరుగుదల | +9 |
| కట్టిన పన్ను | −12 |
| వ్యాపారం నుంచి నగదు | 26 |
| యంత్రాల కొనుగోలు | −51 |
| గ్రైండర్ అమ్మకం | +8 |
| పెట్టుబడులపై నగదు | −43 |
| తీసుకున్న లోన్ | +32 |
| తీర్చిన లోన్ | −12 |
| వడ్డీ | −7 |
| డివిడెండ్ | −8 |
| నిధుల నుంచి నగదు | 5 |
| మొత్తం మార్పు | −12 |
| మొదటి నిల్వ | 18 |
| చివరి నిల్వ | 6 |

తరుగుదలను కలుపుతున్నాం గనక తరుగుదల వల్ల డబ్బు వస్తుందని అనుకునేవాళ్లు ఇప్పటికీ ఉన్నారు. రాదు. లాభం లెక్కించేటప్పుడు ఆ 14ను తీసేశారు, కానీ ఎవరికీ ఇవ్వలేదు. తీసేసినదాన్ని తిరిగి పెడుతున్నాం, అంతే. యంత్రం కొన్న ఏడాదే దాని డబ్బు వెళ్లిపోయింది. గ్రైండర్ లాభానిదీ ఇలాంటి సంగతే. అమ్మగా వచ్చిన 8 లక్షలూ పెట్టుబడుల గదిలో ఉన్నాయి, అందులో 3 లాభం కూడా ఉంది. దాన్ని లాభంలోనూ ఉంచితే రెండుసార్లు లెక్కపెట్టినట్టవుతుంది. వడ్డీని పైన కలిపి కింద తీసేయడం మాత్రం స్థానం మార్చడమే. మన దేశంలో ఏఎస్ 3 ప్రమాణం ఫైనాన్స్ కంపెనీలు కానివాటికి కట్టిన వడ్డీని నిధుల గదిలో చూపమంటుంది.

మొత్తం −12 వచ్చింది, చివర 6 కలిసింది. ఇక్కడితో పని అయిపోయిందని ఊపిరి పీల్చుకోవడమే ఈ పనిలో పెద్ద ప్రమాదం. గ్రైండర్ అమ్మిన సంగతే మరిచిపోయిన అకౌంటెంట్‌ను తీసుకోండి. ఆయన 3 లక్షల లాభాన్ని తీసేయడు గనక వ్యాపారం నుంచి నగదు 29 అని రాస్తాడు. యంత్రాల కొనుగోలును 132 లోంచి 100 తీసి, 14 కలిపి 46 అని రాస్తాడు. నిధులు అవే 5. ఇప్పుడు కూడండి. 29, 5 కలిపి 34, అందులో 46 పోతే −12. అచ్చంగా సరిపోయింది! మూడు అంకెలు తప్పు, అయినా పట్టిక టాలీ అయింది. మనం మొదట చేసిన లెక్కను గుర్తుచేసుకుంటే ఇందులో వింత లేదు. ప్రతి వరుస మార్పునూ ఎక్కడో ఒక చోట పెట్టినంత వరకు మొత్తం −12 అయి తీరుతుంది. ఏ గదిలో పెట్టామన్నది ఆ మొత్తానికి తెలియదు.

అందుకని టాలీ కాని పట్టికలో తప్పు పట్టుకోవడం ఒక రకంగా తేలిక. తేడా 8 వస్తే డివిడెండ్ వదిలేశారని వెంటనే స్ఫురిస్తుంది. తేడాకు సరిపోయే అంకె ఎక్కడా లేకపోతే దాన్ని రెండుతో భాగించండి. 30 తేడా వచ్చిందంటే, సరుకు నిల్వ 15ను తీసేయాల్సింది పోయి కలిపారేమో చూడాలి. గుర్తు మారితే తేడా రెట్టింపవుతుంది. తేడాను ‘ఇతర సర్దుబాట్లు’ అన్న వరుసలో పెట్టి కలిపేశారంటే మాత్రం ఆ నివేదిక ఇంకా పూర్తి కానట్టే లెక్క.

టాలీ అయిన పట్టికలో తప్పు పట్టడానికి పక్క ప్రశ్నలు వేయాలి. ఇవ్వాల్సినవి 9 పెరిగాయని కలిపాం. ఆ 31లో మిర్చి వ్యాపారులకు ఇవ్వాల్సినదెంత, కొత్త యంత్రం అమ్మినవాళ్లకు ఇవ్వాల్సినదెంత? అందులో 10 లక్షలు యంత్రానిదే అయితే ఆ పెరుగుదల వ్యాపారం గదిలోది కాదు. నిజానికి ఈ ఏడు యంత్రాలకు కట్టింది 51 కాదు, 41. వ్యాపారం నుంచి వచ్చింది 26 కాదు, 16. మొత్తం మళ్లీ −12. కానీ 26కీ 16కీ మధ్య కంపెనీ కథే మారిపోతుంది. బ్యాంకు మేనేజర్ ఈ ఒక్క ప్రశ్న అడిగితే చాలు, చాలా నివేదికలు తిరగరాయాల్సి వస్తుంది. బ్యాంకులో వేసిన డిపాజిట్లనూ ఇలాగే చూడాలి. వేసిననాటి నుంచి సుమారు మూడు నెలల్లోపు గడువు తీరేవాటినే మామూలుగా నగదుతో సమానంగా తీసుకుంటారు. ఏడాది డిపాజిట్ పెట్టుబడి గదిలోకి వెళ్లాలి.

మన అంకెలు సరైనవే అనుకుని మళ్లీ వాటి దగ్గరికి వద్దాం. 36 లక్షల లాభం వచ్చిన చోట వ్యాపారం నుంచి చేతికి 26 వచ్చింది. అరువు మీద అమ్మిన సరుకు డబ్బు 24 లక్షల మేర అదనంగా దుకాణదారుల దగ్గర ఆగింది. 15 లక్షలు కోల్డ్ స్టోరేజీలో మిర్చి రూపంలో ఉంది. వచ్చిన 26కు మించి యంత్రాల మీద 43 పెట్టారు. నికరంగా 20 అప్పు చేశారు, 7 వడ్డీ కట్టారు, 8 పంచుకున్నారు. చాలనిది పాత నిల్వలోంచి తీశారు. బాకీలు నిరుటి 40 దగ్గరే ఆగి ఉంటే, మిగతావన్నీ ఇలాగే ఉన్నా, బ్యాంకులో 6 బదులు 30 లక్షలు ఉండేవి. నన్నడిగితే ఈ కంపెనీ యంత్రాలు కొనడం తప్పు కాదు. బాకీలు ఇంతగా పెరిగిన ఏడాదిలో డివిడెండ్ ఇవ్వడం మాత్రం తొందరపాటు.

ఈ పద్ధతికి ఒక గట్టి పరిమితి ఉంది, తెలుగువాళ్లకు దాన్ని విడమరచి చెప్పనక్కర్లేదు. 2009 జనవరి 7న హైదరాబాద్‌లో సత్యం కంప్యూటర్స్ ఛైర్మన్ రామలింగరాజు తమ బోర్డుకు రాసిన లేఖలో, 2008 సెప్టెంబరు 30 నాటి పుస్తకాల్లో చూపిన 5,361 కోట్ల నగదు, బ్యాంకు నిల్వల్లో 5,040 కోట్లు అసలు లేనే లేవని ఒప్పుకున్నారు. మన లెక్కంతా నగదు వరుస నిజమన్న నమ్మకం మీద నడుస్తుంది. ఆ వరుసే అబద్ధమైతే, దానికి తగ్గట్టు లాభాన్నీ పెంచి రాసి ఉంటే, నివేదిక చక్కగా టాలీ అవుతుంది. లేని లాభం లేని నగదుగా మారినట్టు చూపిస్తుంది. దాన్ని పట్టేది బ్యాంకు నుంచి నేరుగా తెప్పించుకున్న నిల్వ ధ్రువపత్రం ఒక్కటే. ఎన్ని పట్టికలు గీసినా దానికి బదులు కావు.

2013 కంపెనీల చట్టం ఆర్థిక నివేదికల్లో నగదు ప్రవాహ నివేదికను కూడా చేర్చింది. అయితే ఏకవ్యక్తి కంపెనీలకూ చిన్న కంపెనీలకూ నిద్రాణ కంపెనీలకూ అది తప్పనిసరి కాదని మినహాయించింది. భాగస్వామ్య సంస్థలూ సొంత వ్యాపారాలూ ఆ చట్టం కిందికే రావు. అంటే మన ఊళ్లలోని రైస్ మిల్లులు, జిన్నింగ్ మిల్లులు, కారం పొడి యూనిట్లలో చాలావాటికి చట్టం బలవంతంగా ఈ కాగితం చేయించదు. మీకు అలాంటి వ్యాపారంలో వాటా ఉంటే, లేదా అలాంటివాళ్లకు అప్పిచ్చి ఉంటే, ఈసారి ఆడిటర్ దగ్గర్నుంచి రెండేళ్ల బ్యాలెన్స్ షీట్లూ ఒక లాభనష్టాల ఖాతా, స్థిరాస్తుల నోట్, లోన్ నోట్, మార్చి 31 నాటి బ్యాంకు ధ్రువపత్రం అడిగి తీసుకోండి. ముందు వరుసల తేడాలు కూడి, నగదు మార్పుతో సరిపోయిందో లేదో చూడండి. ఆ తర్వాత యంత్రాల వరుస విప్పండి.